కొడుకు గే అని తెలిసిన తల్లికి: దుఃఖం, భయం, ఆ తర్వాతి రోజులు

ప్రశ్న: "మాది రాజమండ్రి. మా అబ్బాయికి 27 ఏళ్లు, హైదరాబాదులో ఉద్యోగం. సంక్రాంతికి వచ్చినప్పుడు తాను గే అని, ఇక సంబంధాలు చూడవద్దని నాకొక్కదానికే చెప్పాడు. అప్పటి నుంచి నిద్ర లేదు, ఏడుపు ఆగడం లేదు. మా వారికి ఇంకా తెలియదు. తట్టుకోలేక మా అక్కతో చెప్పుకున్నాను. డాక్టరుకు చూపించమని, పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయని ఆమె అంటోంది. నా పెంపకంలో ఎక్కడ తప్పు జరిగింది? ఇప్పుడు నేనేం చేయాలి?"

సమాధానం:

అమ్మా, కుటుంబాలకు మానసిక సలహాలిచ్చే వృత్తిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. మీలాగే వచ్చి కూర్చున్న తల్లులనూ తండ్రులనూ ఎందరినో చూశాను. మీరు అడిగిన వాటిలో పెంపకం సంగతి ముందుగా చెబుతాను, ఎందుకంటే ఆ అపరాధభావం మనసులో ఉన్నంతవరకు మిగిలిన మాటలేవీ మీకు వినిపించవు. మీ పెంపకంలో తప్పేమీ లేదు. తల్లి అతిగా ముద్దు చేయడం వల్లనో, తండ్రి దూరంగా ఉండడం వల్లనో, హాస్టల్లో చేర్చడం వల్లనో పిల్లలు ఇలా అవుతారని ఏ పరిశోధనా నిరూపించలేదు. 2019లో దాదాపు 5 లక్షల మంది జన్యువులను పరిశీలించిన ఒక పెద్ద అధ్యయనం, దీనికి కారణమని చెప్పదగిన ఒకే జన్యువు ఏదీ లేదనీ, ఎన్నో జన్యువుల ప్రభావం తలా కొంచెం ఉంటుందనీ, వాటిని చూసి ఎవరి విషయమూ ముందే చెప్పలేమనీ తేల్చింది. ఈ సంగతి మీకు మరో విధంగా కూడా పనికివస్తుంది. రేపు మీ వారికి తెలిసినప్పుడు "ఇది మీ వైపు నుంచి వచ్చిందా, మా వైపు నుంచి వచ్చిందా" అనే వాదన మొదలయ్యే అవకాశం ఉంది. చాలా ఇళ్లలో భార్యాభర్తలు కొడుకు గురించి ఆలోచించవలసిన సమయాన్ని ఈ వాదనలోనే పోగొట్టుకుంటారు.

ఇక మీ ఏడుపు గురించి చెప్పాలి. అది మీరు ఆపుకోవలసింది కాదు, అందుకు సిగ్గుపడవలసిన పని అంతకన్నా లేదు. మీ అబ్బాయి ఏమీ కోల్పోలేదు, ఆరోగ్యంగా ఉన్నాడు, ఉద్యోగం చేసుకుంటున్నాడు, అయినా ఎవరో పోయినట్టు ఎందుకు ఏడుస్తున్నానని మీకే అనిపిస్తూ ఉంటుంది. మీరు పోగొట్టుకున్నది ఏమిటో విడివిడిగా చూసుకుంటే ఇది అర్థమవుతుంది. వాడు పుట్టిన నాటి నుంచి మీ మనసులో ఒక పెళ్లిపందిరి ఉంది, ఒక కోడలు ఉంది, ఒక మనవడో మనవరాలో ఉన్నారు. మీతోటి వాళ్లందరూ ఒకరి తర్వాత ఒకరు అత్తలై, నాయనమ్మలై, ఆ కబుర్లు చెప్పుకుంటుంటే, వాళ్ల మధ్య మీకూ ఒక చోటు ఉంటుందన్న ధీమా ఉంది. ఇవన్నీ ఒక్క సాయంత్రంలో పోయాయి. నిజంగా ఎవరైనా పోతే నలుగురూ వచ్చి కూర్చుంటారు, వంట చేసి పెడతారు, పదో రోజు వరకు ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారు. మీ దుఃఖానికి అలా వచ్చే మనిషి లేడు, బయటికి చెప్పుకునే వీలూ లేదు. దాని బరువంతా మీ ఒక్కరి మీదే పడడం వల్లనే నిద్ర పట్టడం లేదు.

ఈ దుఃఖం వరసగా తగ్గుతూ పోయేది కూడా కాదు. మూడు నెలలు బాగానే ఉన్నాననుకున్న తల్లి, చెల్లెలి కొడుకు పెళ్లిలో అక్షింతలు వేస్తూ ఒక్కసారిగా కూలబడిపోవడం నేను చాలాసార్లు విన్నాను. శుభలేఖలు వచ్చే మాసాల్లోనూ, తోటివారింట్లో బారసాల జరిగినప్పుడూ ఇది మళ్లీ పైకి వస్తుంది. అలా వచ్చినప్పుడు మొదటికి వచ్చామని భయపడకండి. మొదటి రోజుల్లో వారాల తరబడి ఉన్న ఏడుపు, తర్వాత తర్వాత ఒక పూటతో తెమిలిపోతుంది. మార్పు తెలిసేది అక్కడే.

ఒక విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. ఈ దుఃఖాన్ని మోసే పని మీ అబ్బాయికి అప్పగించకండి. రోజూ ఫోనులో ఏడవడం, "నువ్విలా చెప్పినప్పటి నుంచి నాకు బీపీ పెరిగింది" అనడం, "మీ నాన్నకు తెలిస్తే ఆయన బతకరు" అనడం తల్లులకు తమ బాధను ఉన్నదున్నట్టు చెప్పడంగానే అనిపిస్తాయి, కాని పిల్లలకు అవి తామే తల్లిని చంపుతున్నామన్న మాటలుగా చేరతాయి. మీకు తెలిసి కొన్ని వారాలే అయింది. వాడికి తెలిసి పదేళ్లు దాటి ఉంటుంది. ఆ పదేళ్లలో వాడు కూడా ఇదే భయాన్ని, ఇదే సిగ్గును, "నాకే ఎందుకు" అన్న ప్రశ్నను ఒంటరిగా దాటి, చివరికి మీకు చెప్పగలిగే చోటికి వచ్చాడు. అందుకే మీరు వెంటనే మామూలు మనిషి కావాలని వాడు ఆశించడం న్యాయం కాదు, వాడు మళ్లీ మీ కోసం వెనక్కి వెళ్లాలని మీరు కోరడమూ న్యాయం కాదు. ఈ రెండో మాట పెద్దలకు చెప్పేవాళ్లు తక్కువ.

మరి ఇంకా అంగీకరించలేని మనసుతో కొడుకుతో ఎలా ఉండాలి? అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో కేట్లిన్ ర్యాన్ అనే పరిశోధకురాలు ఇలాంటి కుటుంబాలను చాలా కాలం అధ్యయనం చేశారు. 2009లో ప్రచురించిన ఫలితాల్లో, కౌమారంలో ఇంట్లో తీవ్రమైన తిరస్కారాన్ని ఎదుర్కొన్న యువతీయువకులు, తిరస్కారం లేని లేదా తక్కువగా ఉన్న ఇళ్లలో పెరిగినవారికన్నా 8.4 రెట్లు ఎక్కువగా ఆత్మహత్యకు ప్రయత్నించినట్టు చెప్పారని తేలింది. నాకు అందులో అన్నిటికన్నా ఉపయోగపడినది ఆమె తిరస్కారాన్ని కొలిచిన పద్ధతి. తల్లిదండ్రుల మనసులో ఏముందని కాకుండా, వారు ఏమేం చేశారని ఆమె అడిగారు: తిట్టారా, స్నేహితులను కలవనివ్వకుండా చేశారా, బంధువుల వేడుకల నుంచి తప్పించారా, మార్చడానికి ప్రయత్నించారా, ఆ సంగతి ఎత్తవద్దన్నారా. దీన్నిబట్టి నేను తల్లులకు చెప్పేది ఇదే. మీ మనసు ఎప్పుడు మారుతుందో మీ చేతిలో లేదు, కాని ఈ పనులు చేయకుండా ఉండడం ఈ రోజే మీ చేతిలో ఉంది. "నాకు ఇంకా అర్థం కావడం లేదు నాన్నా, కొంచెం టైం పడుతుంది. నువ్వు నా కొడుకువే, అందులో ఏ మార్పూ లేదు. రాత్రి ఏం తిన్నావు?" అని అంటే చాలు. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు, మీరు పడుతున్న బాధను దాచిపెట్టిన మాట కూడా లేదు.

మీ అక్కగారి సలహాలు రెండూ ప్రేమతో చెప్పినవే అయి ఉంటాయి, అయినా రెండూ హాని చేసేవే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే దీన్ని వ్యాధుల జాబితా నుంచి తీసేసింది. భారత మానసిక వైద్యుల సంఘం కూడా ఇది జబ్బు కాదని 2018లో ప్రకటించింది. మార్చేస్తామని చేసే చికిత్సలను జాతీయ వైద్య కమిషన్ 2022లో వృత్తిపరమైన దుష్ప్రవర్తన కింద చేర్చింది. అయినా హార్మోను ఇంజెక్షన్లు ఇస్తామని, హిప్నాటిజం చేస్తామని, విడతలవారీగా డబ్బు తీసుకునేవారు మన ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. పురుష హార్మోను ఇచ్చినంత మాత్రాన ఆకర్షణ ఎవరి వైపు అన్నది మారదు. అలాంటి చోటికి వెళ్లివచ్చిన పిల్లల్లో నేను చూసినది భయం, కుంగుబాటు, తల్లిదండ్రుల మీద పోయిన నమ్మకం. డాక్టరు అవసరం ఉన్నది ఇప్పుడు మీకు. నిద్ర లేకపోవడం, ఆకలి లేకపోవడం రెండు వారాలకు మించి సాగితే మానసిక వైద్యుని కలవండి. వెళ్లేముందు ఫోనులో "మా అబ్బాయిని మార్చగలరా" అని అడిగి చూడండి. మార్చగలమన్నవారి దగ్గరకు వెళ్లకండి.

పెళ్లి విషయానికి వస్తే, ఆ ఆలోచనలో మీ అక్కగారికి కనిపించని మనిషి ఒకరున్నారు. ఆ అమ్మాయి. ఆమెకూ ఒక తల్లి ఉంటుంది. ఇలాంటి పెళ్లిళ్లు నా దగ్గరకు ఎలా వస్తాయో చెబుతాను. మొదటి నెలల్లో భర్త దగ్గరకు రాకపోతే ఆ అమ్మాయి తనలోనే ఏదో లోపం ఉందనుకుంటుంది. తర్వాత ఆమె తల్లి ఆరా తీస్తుంది, గుళ్లూ హోమాలూ అవుతాయి, పెద్దమనుషులు కూర్చుంటారు, కట్నం లెక్కలు బయటికి వస్తాయి, పోలీసు స్టేషను, కోర్టు, విడాకులు వస్తాయి. నాలుగు గోడల మధ్య ఉండగలిగిన సంగతి అప్పుడు రెండు ఊళ్లకు తెలుస్తుంది. కొన్ని జంటలు బయటికి రాకుండా జీవితమంతా అలాగే ఉండిపోతాయి, వాళ్లలో ఏ ఒక్కరూ సుఖంగా ఉన్నట్టు నాకు కనిపించలేదు. కాబట్టి మీ అబ్బాయి బయోడేటా పెళ్లిళ్ల పేరయ్య దగ్గరో, మ్యాట్రిమోనీ సైట్లోనో ఉంటే ఈ వారమే తీయించండి. కారణం ఎవరికీ చెప్పనక్కర లేదు. "వాడు ఇప్పుడు వద్దంటున్నాడు" అన్నది నిజమే కదా.

భయం గురించి కొంచెం నిదానంగా మాట్లాడుకోవాలి. మద్రాసు హైకోర్టు 2021 జూన్ 7న ఇచ్చిన ఒక ఉత్తర్వు నాకు ఇందులో దారి చూపింది. మదురైకి చెందిన ఇద్దరు యువతులు ప్రేమించుకుని చెన్నై చేరుకున్నారు. వారి తల్లిదండ్రులు కూతుళ్లు కనబడడం లేదని పోలీసులకు ఫిర్యాదు చేశారు. న్యాయమూర్తి ఆనంద్ వెంకటేశ్ ఆ తల్లిదండ్రులను మానసిక నిపుణురాలి దగ్గరకు పంపి, వారి బాధ ఏమిటో తెలుసుకున్నారు. సమాజం వేసే నింద, కుటుంబానికి కలిగే పరిణామాలు, కూతుళ్ల భద్రత, వంశం ఏమవుతుందనే ప్రశ్న, అవే వారి భయాలని నివేదిక చెప్పింది. ఇంకో మనిషితో ఇలా ఉండడంకన్నా తమ కూతుళ్లు జీవితాంతం బ్రహ్మచర్యంలో ఉంటేనే గౌరవంగా ఉంటుందని కూడా వారు అన్నారు. న్యాయమూర్తి వారిని దోషులుగా చూపలేదు. ఈ విషయం తనకూ పూర్తిగా అర్థం కాలేదని ఒప్పుకుని, తీర్పు చెప్పే ముందు తానే ఆ నిపుణురాలి దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. మరి మీరు కొన్ని వారాల్లో అర్థం చేసుకోలేదని మిమ్మల్ని ఎవరు తప్పు పట్టగలరు?

మీ భయాలను కూడా ఆ నివేదికలోలాగే విడదీయండి. పోలీసులు పట్టుకుంటారేమోనన్న భయం ఉంటే దానికి ఆధారం లేదు. ఇష్టపూర్వకంగా ఉండే వయోజనుల మధ్య ఇది నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తేల్చింది. పెళ్లికి చట్టం గుర్తింపు ఉందా అంటే లేదు, 2023 అక్టోబరు 17న అదే కోర్టు అందుకు నిరాకరించింది. ఆ కేసులో ముందు నిలిచిన జంట హైదరాబాదులోనే 2021లో రెండు కుటుంబాల సమక్షంలో ఒక వేడుక చేసుకున్నవారు. విచారణ జరుగుతున్నప్పుడు ఇలాంటి పిల్లలున్న 400 మందికి పైగా తల్లిదండ్రులు, స్వీకార్ అనే తమ సంఘం తరఫున, పెళ్లి హక్కు ఇవ్వమని ప్రధాన న్యాయమూర్తికి లేఖ రాశారు. వాళ్లలో ఎందరో ఒకప్పుడు మీరున్న చోటే ఉన్నవారు. ఆ సంఘంలోని తల్లులతో మాట్లాడితే, నాలాంటివారు చెప్పలేనివి కొన్ని మీకు తెలుస్తాయి.

ముసలితనంలో వీడిని ఎవరు చూస్తారనే భయం వేరు. అది నిజమైన ప్రశ్న, దాన్ని తీసిపారేయకూడదు. ఖమ్మం వైపు నుంచి వచ్చిన ఒక కుటుంబం సంగతి, వివరాలు కొంత మార్చి, చెబుతాను. తండ్రి రిటైరైన హైస్కూలు హెడ్మాస్టరు. కొడుకు చెప్పిన తర్వాత ఆయన దాదాపు ఏడాది పాటు వాడితో నేరుగా మాట్లాడలేదు. ఫోను వస్తే భార్యకు ఇచ్చేసేవారు. నా దగ్గర కూడా మొదట్లో పేపరు చూస్తూ కూర్చునేవారు. చాలా రోజులకు ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "మేమిద్దరం పోయాక వాడు మంచం పడితే గ్లాసు నీళ్లిచ్చేదెవరు?" అన్నది. అంతవరకు అందరూ ఆయనది పరువు గురించిన కోపమనుకున్నారు, కొడుకు కూడా అలాగే అనుకున్నాడు.

ఆ ప్రశ్నకు ఓదార్పుగా సమాధానం చెప్పకుండా, లెక్కగా చెప్పమని కొడుకుతో అన్నాను. వాడు ఆరోగ్య బీమా కాగితాలు, ప్రావిడెంట్ ఫండు, ఎవరిని నామినీగా పెట్టాడో, ఏ స్నేహితులు ఎంత దగ్గరో అన్నీ రాసి పంపాడు. వీలునామా రాయవచ్చని, వాడూ, వాడు ఎంచుకున్న తోడూ కలిసి ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవవచ్చని ఆ తండ్రికి తెలిసింది. ఉమ్మడి ఖాతాకు, నామినీకి అడ్డేమీ లేదని కేంద్ర ఆర్థిక శాఖ 2024 ఆగస్టులో స్పష్టం కూడా చేసింది. తర్వాత ఒక వర్షాకాలంలో వాడికి డెంగీ వచ్చింది. తల్లిదండ్రులు హైదరాబాదు చేరేసరికి, అప్పటికి రెండు రాత్రులుగా ఆసుపత్రిలోనే ఉండి, ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నాయో పూట పూటకూ రాసిపెట్టుకున్న కుర్రాడొకడు కుర్చీలో నిద్రపోతూ కనిపించాడు. హెడ్మాస్టరు గారు ఆ కుర్రాడితో అప్పుడు పెద్దగా ఏమీ మాట్లాడలేదు. ఇంటికి వెళ్లాక మాత్రం కొడుక్కి ఫోను చేసి, "ఆ అబ్బాయి ఏ ఊరు?" అని అడిగారు.

ఆ తర్వాత అంతా సాఫీగా సాగిందని నేను చెప్పను. ఆ కుర్రాడు దసరాకు వస్తే, ఊళ్లో "స్నేహితుడు" అని పరిచయం చేశారు. ఒకటి రెండేళ్లు అది చాలనిపించింది, తర్వాత అదే మాట ఆ కుర్రాడిని నొప్పించడం మొదలుపెట్టింది. కుటుంబమంతా కూర్చుని, తండ్రి తమ్ముడికి, ఆయన భార్యకు చెప్పాలని నిర్ణయించుకున్నారు. బాబాయి విన్నాడు, పిన్ని మూడు నెలలు రాకపోకలు మానేసింది. ఊరికి ఇప్పటికీ తెలియదు. తల్లి ఇప్పటికీ పెళ్లిళ్లకు వెళ్లి వచ్చిన రాత్రి కొంచెం ఏడుస్తుంది. అయినా ఆ ఇంట్లో పండక్కి ఇద్దరికీ బట్టలు తీస్తారు. అంగీకారం నేను చూసినంతవరకు ఇలాగే వస్తుంది. మనసు పూర్తిగా ఒప్పుకునేలోగానే మనిషి కొన్ని పనులు చేయడం మొదలుపెడతాడు, ఒప్పుకోవడం ఆ వెనక వస్తుంది.

ఇప్పుడు మీ ఇంటి సంగతి. మీ అక్కగారికి చెప్పిన విషయం మీ అబ్బాయికి మీరే చెప్పాలి, ఇంకెవరి ద్వారానో తెలియక ముందే. "తట్టుకోలేక పెద్దమ్మకు చెప్పాను, నిన్ను అడిగి చెప్పవలసింది" అనండి. వాడికి కోపం వస్తే రానివ్వండి. వాడి జీవితం గురించి ఎవరికి ఎప్పుడు తెలియాలన్నది వాడి నిర్ణయం, ఈ రహస్యం దాటిపోతే ఉద్యోగంలోనూ ఊళ్లోనూ దెబ్బ తగిలేది వాడికే. మీ అక్కగారితో కూడా గట్టిగా మాట తీసుకోండి, ఆమె ఇంట్లో సైతం ఎవరికీ చెప్పకూడదని. మీ బరువు దించుకోవడానికి ఇంకో మనిషి కావాలనిపిస్తే, అది ఎవరైతే బాగుంటుందో వాడినే అడగండి. చాలామంది పిల్లలు ఒక మేనత్తనో, ఒక కుటుంబ స్నేహితురాలినో వాళ్లే చూపిస్తారు.

వాడితో మాట్లాడుతున్నప్పుడు కొన్నిటిని గమనించండి. ఉన్నట్టుండి ఫోన్లు తగ్గిపోవడం, బ్యాంకు వివరాలూ కాగితాలూ మీకు అప్పగించడం, "నేను లేకపోతే మీకు ఈ తలనొప్పి ఉండదు" అన్న ధోరణిలో మాట రావడం ఇవేవీ తేలికగా తీసుకోవద్దు. చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఆ రాత్రే వాడి దగ్గరకు బయలుదేరండి, మీరు చేరేదాకా ఒక స్నేహితుణ్ని వాడి పక్కన ఉండమనండి. ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. మీకు మీరే భరించలేననిపించినా ఆ నంబరు మీకూ పనికివస్తుంది.

మీ వారికి చెప్పే విషయంలో తొందర వద్దు, మరీ ఏళ్ల తరబడి దాచడమూ మంచిది కాదు. భార్యకు ముందే తెలుసని తర్వాత తెలిసిన తండ్రులు, కొడుకు సంగతికన్నా ఆ దాపరికానికే ఎక్కువ గాయపడతారు. ముందు మీ అబ్బాయి అనుమతి తీసుకోండి, తానే చెబుతాడా, మీరు చెప్పాలా అన్నది వాడు తేల్చుకోవాలి. పండగ రోజు, ప్రయాణానికి ముందు, బంధువులు ఇంట్లో ఉన్నప్పుడు చెప్పకండి. ఆయనకు బీపీ, షుగరు ఉంటే మందులు సరిగా వేసుకుంటున్న రోజులు చూసుకోండి. కోపం వస్తే చేయి చేసుకునే స్వభావం గనక ఉంటే, చెప్పే సమయానికి మీ అబ్బాయి హైదరాబాదులోనే ఉండడం మేలు. మొదటి రోజు ఆయన ఏమన్నా, దాన్ని ఆయన చివరి మాటగా వాడికి చేరవేయకండి. "నాన్నకు తెలిసింది, ఇంకా మాట్లాడే స్థితిలో లేరు, నేను రోజూ ఫోను చేస్తాను" అని చెప్పి, ఆ మాట ప్రకారం రోజూ చేయండి.